ఇంటి వ్యాపారం రెజ్యూమెలో ఎక్కడ పెట్టాలి: నైపుణ్యాల వరసా, సంవత్సరాల వరసా?

మా వదిన దాదాపు ఆరేళ్లు ఇంట్లోనే పిల్లల బట్టలు ఆర్డర్ మీద కుట్టి ఇచ్చింది. ఇప్పుడు నెల జీతం ఉన్న ఉద్యోగం కావాలంటోంది. ఒక దుస్తుల కంపెనీలో ఆర్డర్ల కోఆర్డినేటర్ పోస్టు చూసి, నెట్‌లో దొరికిన నమూనా పెట్టుకుని రెజ్యూమె రాసి నాకు పంపింది. వచ్చిన రెజ్యూమెలు వడపోయడం నా ఉద్యోగంలో భాగం కాబట్టి నన్ను అడిగింది.

పైన కమ్యూనికేషన్, టైమ్ మేనేజ్‌మెంట్, లీడర్‌షిప్ అని మూడు శీర్షికలున్నాయి. ఒక్కోదాని కింద నాలుగేసి వాక్యాలు. అట్టడుగున ఒక్క లైను: ఆఫీస్ అసిస్టెంట్, 2012–2014. కుట్టుపని ఊసే లేదు.

"ఆరేళ్ల పని ఏమైంది వదినా?" అన్నాను.

"ఇంట్లో మిషన్ మీద కూర్చుని కుట్టినదాన్ని అనుభవం అంటారా ఎవరైనా? నవ్విపోతారు" అంది.

ఆవిడ వాడిన పద్ధతిని ఫంక్షనల్ రెజ్యూమె అంటారు. ఏ సంవత్సరం ఎక్కడ చేశారన్నది వెనక్కి నెట్టి, తమకున్న నైపుణ్యాలను ముందు పెట్టడం దీని తీరు. మధ్యలో ఖాళీ ఉన్నవాళ్లకు ఇదే మంచిదని చాలాచోట్ల చెబుతారు. రెండో పద్ధతి సంవత్సరాల వరసలో, కొత్తది పైన, పాతది కింద రాయడం. ఇంటి వ్యాపారం నడిపినవాళ్లకు ఈ రెండోదే మేలని నా అభిప్రాయం.

కారణం, చదివేవాళ్ల కన్ను తిరిగే తీరు. ఒక పోస్టుకు రెజ్యూమెలు కుప్పగా వస్తాయి. పేరు చూశాక నా కన్ను నేరుగా తేదీల కోసం వెతుకుతుంది: చివరిసారి ఏం పని చేశారు, ఎప్పటిదాకా చేశారు? ఫంక్షనల్ రెజ్యూమెలో అది దొరకదు. "ఒత్తిడిలోనూ పని సమయానికి పూర్తి చేయగలను" అని ఉంటుంది. ఎక్కడ, ఎవరికి, ఏ పని అన్నది ఉండదు. అంతలో కింద 2014 కనిపిస్తుంది. పదేళ్లు ఏమీ చేయలేదు, దాన్ని కప్పిపుచ్చడానికే ఇలా రాశారు అనుకుని పక్కన పెట్టేస్తారు. ఖాళీ కనపడకూడదని ఎంచుకున్న పద్ధతే ఆరేళ్ల పనిని కూడా ఖాళీలో కలిపేసింది.

అదే సంవత్సరాల వరసలో రాస్తే మొదటి ఎంట్రీ వ్యాపారమే అవుతుంది: జూన్ 2018 – మార్చి 2024. అప్పుడు ఖాళీ 2014 నుంచి 2018 వరకే. దానికి "కుటుంబ బాధ్యతల విరామం" అన్న ఒక్క లైను చాలు, పిల్లల వయసులు, ఇంటి సంగతులు అక్కర్లేదు.

అయితే ఈ పద్ధతికీ ఒక చిక్కుంది. తేదీలు రాశాక వాటి పక్కన హోదా రాయాలి. వదినకు ఎవరో 'ఫౌండర్ అండ్ సీఈఓ' అని పెట్టుకోమన్నారట. ఒక్కరే నడిపిన పనికి ఆ మాట వాడితే చదివేవాళ్లకు రెండే తోస్తాయి: గొప్పలు పోతున్నారని, లేదా ఈవిడ ఒకరి కింద ఇమడరని. రెండూ నష్టమే. అలాగని 'గృహిణి' అని రాసి ఊరుకుంటే వ్యాపారం కనపడదు. మేం 'స్వయం ఉపాధి – పిల్లల దుస్తుల తయారీ, ఆర్డర్ల నిర్వహణ' అని పెట్టాం. సీజన్‌లో గుండీలు, అంచుల పనికి ఒకావిడను పెట్టుకునేది. దాన్ని టీమ్ లీడర్ అనకుండా, సీజన్‌లో ఒకరికి పని అప్పగించి, చూసి, డబ్బు చెల్లించాను అని ఉన్నదున్నట్టు రాశాం.

అసలు కష్టం ఆ ఎంట్రీ కింద రాసే నాలుగు లైన్ల దగ్గర వచ్చింది. నెలకు ఎన్ని ఆర్డర్లు అని అడిగితే "యాభై దాకా ఉంటాయి" అంది. ఆవిడ దగ్గర రెండు పొడుగు పుస్తకాలున్నాయి. పేరు, కొలతలు, ఇస్తానన్న తేదీ, అడ్వాన్సు, బాకీ, ఇచ్చిన తేదీ, అన్నీ అందులో రాసుకుంది. నాలుగు నెలలు తీసి లెక్కపెట్టాం. మామూలు నెలలు మూడింటిలో 31, 38, 29. బడులు తెరిచే నెలలో 64. యాభై అన్న మాటకు ఆ ఒక్క నెలే కారణం, మనసులో అదే నిలిచిపోయింది. రెజ్యూమెలో "నెలకు సుమారు 30 ఆర్డర్లు, ఒక సీజన్ నెలలో 64" అని రాశాం. మామూలు నెలల 98 ఆర్డర్లలో ఆలస్యమైనవి 7. కాబట్టి "మామూలు నెలల్లో పదింట తొమ్మిది ఆర్డర్లు చెప్పిన తేదీకే" అని ధైర్యంగా రాయొచ్చు. సీజన్ నెలలో 15 ఆలస్యమయ్యాయి. అందుకే 'మామూలు నెలల్లో' అన్న మాట తీసేయకూడదు. ఆలస్యం గురించి అడిగితే చెప్పడానికి ఆవిడ దగ్గర సమాధానమూ ఉంది: ఆ తర్వాతి ఏడాది నుంచి ఆ నెలలో 50 దాటితే ఆర్డరు తీసుకోవడం మానేసింది.

అంకెలు ఇలా పుస్తకంలోంచి రావడానికి ఇంకో అవసరం కూడా ఉంది. ఇంటి వ్యాపారానికి రిలీవింగ్ లెటర్, జీతం స్లిప్పు ఉండవు. కంపెనీ నిర్ధారించుకోవాలనుకుంటే ఆర్డర్ల పుస్తకం, బ్యాంకు స్టేట్‌మెంటు, మాట సాయం చేసే పాత కస్టమర్ లేదా గుడ్డ సరఫరా చేసినవాళ్లు, ఇవే ఆధారం. రెజ్యూమెలో 50 అని ఉండి పుస్తకంలో 30 ఉంటే మిగతావన్నీ నిజమైనా నమ్మరు.

ఇక ఆ లైన్లను ఉద్యోగ ప్రకటన భాషలోకి మార్చాలి. ప్రకటనలో ఆర్డర్ ట్రాకింగ్, స్టాక్, బాకీల వసూలు అని ఉంది. వాటిలో మొదటిదీ చివరిదీ ఆవిడ పుస్తకం చేసిన పనులే. "బట్టలు కుట్టాను" అన్న లైను కిందికి వెళ్లి, "కొలతల నుంచి డెలివరీ దాకా ఒక్కో ఆర్డరూ పుస్తకంలో నమోదు చేసి, అడ్వాన్సులు, బాకీలు వసూలు చేశాను" అన్నది పైకి వచ్చింది. కుట్టుమిషన్ ఆపరేటర్ పోస్టుకైతే ఇదే రెజ్యూమెలో ఆ రెండు లైన్లూ తిరగబడాలి.

రెండు పద్ధతులనూ కలిపి రాసే మూడోదీ ఉంది. పైన సగం పేజీ నైపుణ్యాలు, కింద తేదీల వరస. వినడానికి బాగుంటుంది గానీ ఒకే సంగతి రెండుసార్లు వచ్చి రెండు పేజీలు అవుతుంది. అందులోంచి నేను తీసుకున్నది పైన పెట్టే మూడు లైన్ల పరిచయం మాత్రమే.

ఫంక్షనల్ పనికొచ్చే సందర్భం లేకపోలేదు. వ్యాపారం ఎప్పుడో ఆగిపోయి, ఇప్పుడు అడిగే ఉద్యోగానికి దానితో సంబంధం లేక, ఈమధ్య నేర్చుకున్న కోర్సే బలమైతే దాన్ని ముందు పెట్టవచ్చు. తెలిసినవాళ్ల ద్వారా నేరుగా ఒక మనిషి చేతికే రెజ్యూమె వెళ్తుంటే నష్టమూ తక్కువే. అప్పుడు కూడా తేదీలు మాత్రం ఎగ్గొట్టకండి.

పంపే ముందు ఒక పరీక్ష చేశాం. చాలా కంపెనీల్లో రెజ్యూమెను ముందు సాఫ్ట్‌వేర్ చదివి ముక్కలు చేస్తుంది. దానికి ఏం కనపడుతుందో తెలియడానికి ఫైలు తెరిచి Ctrl+A, Ctrl+C కొట్టి, Notepad లో అతికించాం. వదిన ఎంచుకున్న రెండు నిలువు వరసల డిజైను అందంగానే ఉంది. Notepad లో మాత్రం తేదీలన్నీ ఒకచోట పోగుపడి, పనులన్నీ ఇంకోచోట పడ్డాయి. ఫోన్ నంబరు అసలు రాలేదు, అది పేజీ పై అంచులో, హెడర్‌లో ఉండిపోయింది. డిజైను తీసేసి ఒకే వరసలో మామూలుగా టైపు చేస్తే పేజీకి ఇంకా నాలుగు లైన్ల చోటు మిగిలింది. 2012–2014 ఉద్యోగాన్ని అక్కడ రెండు లైన్లలో పెట్టి ముగించాం.