ఒకేలా ఉన్న ఫోటోల్లో ఏది ఉంచాలి? హిస్టోగ్రామ్, ఎస్‌ఎస్‌ఐఎమ్ చాలా కాలం వాడాక నా అభిప్రాయం

బర్స్ట్‌లో తీసిన ఫోటోలు పక్కపక్కన పెట్టుకుని చూస్తుంటే కాసేపటికి అన్నీ ఒకటే అనిపిస్తాయి. అందుకే నేను చాలా కాలంగా ఎక్స్‌పోజర్ కోసం, ఏ వెలుగు స్థాయిలో ఎన్ని పిక్సెళ్లు ఉన్నాయో చూపే హిస్టోగ్రామ్, డీటెయిల్ కోసం, రెండు బొమ్మలు ఎంత ఒకేలా ఉన్నాయో చెప్పే ఎస్‌ఎస్‌ఐఎమ్ స్కోరు చూసి వడపోస్తున్నాను. రెండూ మంచి పనిముట్లే. కాకపోతే హిస్టోగ్రామ్‌ని రంగుల వారీగా చూడాలి, ఎస్‌ఎస్‌ఐఎమ్‌ని మామూలుగా చెప్పినట్టు ఫోటోలని ఒకదానితో ఒకటి పోల్చడానికి వాడకూడదు.

ముందు హిస్టోగ్రామ్. ఎర్ర పువ్వు ఫోటో తీసుకోండి. రేక మీద ఒక పిక్సెల్ విలువ ఎరుపు 255, ఆకుపచ్చ 40, నీలం 30 అనుకుందాం. బ్రైట్‌నెస్ లెక్కలో ఎరుపుకి 0.299, ఆకుపచ్చకి 0.587, నీలానికి 0.114 వాటా ఇస్తారు కాబట్టి ఈ పిక్సెల్ బ్రైట్‌నెస్ సుమారు 103 వస్తుంది. అంటే బ్రైట్‌నెస్ చూపే తెల్లటి హిస్టోగ్రామ్‌లో అది కుడి అంచు దరిదాపుల్లో కూడా ఉండదు, హాయిగా మధ్యలో కూర్చుంటుంది, కానీ ఎరుపు అప్పటికే నిండిపోయింది, రేక మీది ఈనెలు పోయి ఎర్రటి మరకలా మిగిలింది. నేను చేసేదేమిటంటే, పువ్వు వరకే క్రాప్ చేసి, ఎరుపు ఛానెల్‌లో 254 లేదా ఆపైన ఉన్న పిక్సెళ్లు ఎంత శాతమో లెక్కపెడతాను. అలాంటి ఒక జతలో మొదటి ఫోటోకి 11 శాతం వచ్చింది, కాస్త తక్కువ ఎక్స్‌పోజర్‌తో తీసిన రెండోదానికి 1 శాతం కూడా రాలేదు. స్క్రీన్ మీద మొదటిదే కళగా ఉన్నా రెండోదే ఉంచుకున్నాను. కెమెరా వెనక కనిపించే హిస్టోగ్రామ్ మాత్రం సాధారణంగా జేపెగ్ ప్రివ్యూ నుంచి గీసింది, రా ఫైల్లో ఇంకొంచెం చోటు ఉండొచ్చు. ఆఖరి నిర్ణయం కంప్యూటర్ మీదే.

ఇక ఎస్‌ఎస్‌ఐఎమ్. 2004లో వాంగ్, బోవిక్, షేక్, సిమోన్‌చెల్లి దీన్ని ప్రచురించినప్పుడు ఉద్దేశం వేరు: అసలు బొమ్మ చేతిలో ఉంది, కుదించిన కాపీ ఎంత పాడైందో చెప్పాలి. మన దగ్గర అసలు బొమ్మే లేదు, అన్నీ అభ్యర్థులే. పైగా ఈ లెక్క రెండు వైపులా ఒకటే, ఒకదాన్ని ముందు పెట్టినా వెనక పెట్టినా అదే అంకె వస్తుంది. రెండు ఫోటోల మధ్య 0.85 వస్తే అవి ఎంత వేరుగా ఉన్నాయో తెలిసింది గానీ ఏది షార్ప్‌గా ఉందో తెలియలేదు. చేత్తో పట్టుకుని తీసినవైతే ఫ్రేమ్ రెండు మూడు పిక్సెళ్లు జరిగినా చాలు, సన్నని గీతలున్న చోట స్కోరు పడిపోతుంది, అది జరుగుడు వల్లో బ్లర్ వల్లో అంకె చూసి చెప్పలేం.

నాకు పనికొచ్చిన మార్గం ఒకటుంది. ఫోటోలని ఒకదానితో ఒకటి పోల్చకుండా, ప్రతి ఫోటోని బ్లర్ చేసిన దాని సొంత కాపీతోనే పోల్చాలి. షార్ప్‌గా ఉన్నదాన్ని బ్లర్ చేస్తే చాలా పోతుంది, ముందే మెత్తగా ఉన్నదానిలో పోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఫ్రేమ్ జరుగుడు సమస్య కూడా తప్పుతుంది.

```python
from skimage.metrics import structural_similarity as ssim
from skimage.filters import gaussian

def detail(g):   # g: గ్రే, 0 నుంచి 1
    return 1 - ssim(g, gaussian(g, sigma=1.5), data_range=1.0)
```

అంకె ఎక్కువైతే డీటెయిల్ ఎక్కువ. ఫోటో మొత్తానికి కాకుండా ఫోకస్ ఉండాల్సిన చోట మాత్రమే క్రాప్ చేసి ఇవ్వండి, లేకపోతే బ్యాక్‌గ్రౌండే స్కోరుని నిర్ణయిస్తుంది. పువ్వు విషయంలో మధ్యలోని పుప్పొడి కాడలే క్రాప్ చేశాను. ఒకదానికి 0.19, గాలికి కదిలిన దానికి 0.07 వచ్చాయి, 100 శాతం జూమ్‌లో చూస్తే తేడా అక్కడే కనిపించింది.

రెండు చోట్ల ఇది దెబ్బతింటుంది. నాయిస్‌ని కూడా ఇది డీటెయిల్‌గానే లెక్కేస్తుంది, ఎందుకంటే బ్లర్ చేస్తే నాయిస్ కూడా పోతుంది. ఐఎస్‌ఓ 6400 ఫోటో ఐఎస్‌ఓ 200 ఫోటో కంటే ఎక్కువ స్కోరు తెచ్చుకుంటే నమ్మొద్దు. ఏ వస్తువూ లేని నున్నటి చోట ఒక ముక్క క్రాప్ చేసి అదే ఫంక్షన్‌కి ఇవ్వండి. అక్కడా స్కోరు పెద్దగా వస్తే అది నాయిసే. రెండోది ఎక్స్‌పోజర్. ఫార్ములాలో సున్నాతో భాగించకుండా కలిపే చిన్న స్థిరాంకం చీకటి ఫోటోల్లో పైచేయి అవుతుంది కాబట్టి, నల్లగా ఉన్న ఫోటో నిజంగా షార్ప్‌గా ఉన్నా తక్కువ స్కోరు రావచ్చు. అందుకే నేను హిస్టోగ్రామ్‌లో మధ్య విలువలు దగ్గరగా ఉన్నవాటినే ఒక గుంపుగా పెట్టి, ఆ గుంపు లోపలే స్కోర్లు చూస్తాను. తేడా 0.01 లోపు ఉంటే స్కోరు పక్కనపెట్టి కంటితోనే ఎంచుకుంటాను.