నలుగురి ప్రాజెక్టు: పనులు పంచుకోవాలా, ప్రశ్నలు పంచుకోవాలా?

నలుగురు కలిసి ఒక పెద్ద ప్రాజెక్టు చేయాల్సి వస్తే, పంచుకోవడానికి సాధారణంగా మూడు దారులు కనిపిస్తాయి. మొదటిది దశలవారీ పంపకం: ఒకరు డేటా తెస్తారు, ఒకరు శుభ్రం చేస్తారు, ఒకరు లెక్కలు వేస్తారు, ఒకరు రిపోర్టు రాస్తారు. రెండోది డేటానే ముక్కలు చేయడం: ఏడాది డేటా అయితే మూడేసి నెలలది ఒక్కొక్కరు తీసుకుని మొదటి నుంచి చివరిదాకా అన్నీ తామే చేస్తారు. మూడోది, పెద్ద ప్రశ్నను నాలుగు ప్రశ్నలుగా విడదీసి ఒక్కొక్కరికి ఒక్కోటి అప్పగించడం. ఆరు వారాల గడువు ఉండి, అందరూ వాడే డేటా ఒకటే అయితే మూడోదే మేలని నా అభిప్రాయం. కాకపోతే దానికి మొదటి వారంలో అందరూ కూర్చుని చేయాల్సిన పని ఒకటుంది. అది వదిలేస్తే మిగతా రెండు దారులే నయం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక గ్రంథాలయం ఏడాది పాటు పుస్తకాలు ఇచ్చిన, తిరిగి తీసుకున్న రికార్డు, దానితోపాటు రిజర్వేషన్ల వివరాలు, ప్రతుల లెక్క చేతిలో ఉన్నాయి. ప్రాజెక్టు పేరు ‘గ్రంథాలయ వినియోగం’. అది అంశమే తప్ప ప్రశ్న కాదు. దీన్ని దశలవారీగా పంచితే మొదటి రెండు వారాలు రిపోర్టు రాసే వ్యక్తికి చేతిలో పనుండదు, చివరి వారం ఆ ఒక్కరి మీదే మొత్తం బరువు పడుతుంది. అంతకన్నా పెద్ద ఇబ్బంది మరొకటుంది. శుభ్రం చేసిన వ్యక్తి తేదీ లేని వరుసలను తీసేశారనుకోండి, ఆ సంగతి లెక్కలు వేసేవారికి తెలియదు. రాసేవారికి అసలే తెలియదు. ‘ఈ అంకె ఎలా వచ్చింది?’ అని ఎవరైనా అడిగితే పూర్తి జవాబు చెప్పగలిగేవారు నలుగురిలో ఒక్కరూ ఉండరు.

నెలలవారీగా పంచితే ఆ చిక్కు తీరుతుంది, ఇంకోటి వస్తుంది. నలుగురూ అదే పనిని నాలుగుసార్లు, నాలుగు రకాలుగా చేస్తారు. పైగా మార్చి చివర్లో తీసుకుని ఏప్రిల్‌లో తిరిగిచ్చిన పుస్తకం ఎవరి ముక్కలోకి వస్తుందో తేల్చుకోవాలి. ఋతువుల మధ్య తేడా చూడాలంటే నలుగురి ఫలితాలూ మళ్లీ ఒకచోట పోయాలి.

ప్రశ్నలుగా విడదీస్తే పంపకం ఇలా ఉంటుంది. ఏ రోజుల్లో, ఏ నెలల్లో పుస్తకాలు ఎక్కువగా వెళ్తున్నాయి? ఉన్న ప్రతులతో పోలిస్తే ఏ విభాగానికి గిరాకీ ఎక్కువ? ఏ విభాగం పుస్తకాలు గడువు దాటి తిరిగొస్తున్నాయి, ఎన్ని రోజులు దాటి? రిజర్వ్ చేసినవారు పుస్తకం కోసం ఎన్నాళ్లు ఆగుతున్నారు? ఒకరి జవాబు కోసం మరొకరు ఎదురుచూడాల్సిన అవసరం ఈ నాలుగింటిలో లేదు. ప్రశ్న పనికొస్తుందో లేదో తేల్చే మొదటి పరీక్ష ఇదే. ‘మొదటి మూడు జవాబుల ఆధారంగా సూచనలేమిటి?’ అన్నది నాలుగో ప్రశ్నగా పెడితే మిగతావారి జవాబులు వచ్చేదాకా ఆ వ్యక్తి ఖాళీగా కూర్చోవాల్సి వస్తుంది. సూచనలు నలుగురి ఉమ్మడి పని.

రెండో పరీక్ష, డేటాలో జవాబు ఉందా అని చూడటం. ‘కవిత్వం ఎందుకు చదవడం లేదు?’ అన్నది ఆసక్తికరమైన ప్రశ్నే, కానీ ఇచ్చి పుచ్చుకున్న రికార్డులో కారణాలుండవు. దీన్ని ముందే పట్టుకోవడానికి ఒక తేలికైన పద్ధతి ఉంది. పని మొదలుపెట్టకముందే ప్రతి ఒక్కరూ తమ చివరి పట్టికను అంకెలు లేకుండా ఖాళీగా గీసి చూపించాలి: అడ్డంగా ఏముంటుంది, నిలువుగా ఏముంటుంది, ఏ గడి ఏ నిలువు వరుస డేటాతో నిండుతుంది. పట్టిక గీయలేకపోతే ప్రశ్న ఇంకా తేలలేదన్నమాట. నాలుగు ఖాళీ పట్టికలు పక్కపక్కన పెడితే ఎవరి పని రెండింతలుందో కూడా అక్కడే బయటపడుతుంది. పై ఉదాహరణలో మొదటి ప్రశ్న తేలిక, నాలుగోది బరువు. అందుకే పరిచయం రాయడం, ఫైళ్లు చూసుకోవడం మొదటి ప్రశ్న తీసుకున్నవారికే ఇవ్వడం న్యాయం.

ఇక మొదటి వారం కలిసి చేయాల్సిన పని: మాటలకు అర్థాలు రాసుకోవడం. ఇదే అసలు కీలకం. రికార్డులో 4,800 వరుసలు ఉన్నాయనుకుందాం. అందులో 600 రెన్యువల్స్, అంటే ఉన్న పుస్తకాన్నే మళ్లీ పొడిగించుకున్నవి. ఒకరు వాటిని కలిపి 4,800 అని రాస్తారు, మరొకరు తీసేసి 4,200 అని రాస్తారు. రెండూ తప్పు కావు, కానీ ఒకే రిపోర్టులో రెండు మొత్తాలు కనిపిస్తే చదివేవారు మిగతా అంకెలను కూడా నమ్మరు.

‘ఆలస్యం’ అన్న మాట ఇంకా జారుడు. ఆ 4,200లో రికార్డు తీసిన రోజుకి 240 పుస్తకాలు తిరిగి రాలేదనుకుందాం. తిరిగొచ్చిన 3,960లో 792 ఆలస్యంగా వచ్చాయి, అంటే 20 శాతం. కానీ రాని 240లో 200 పుస్తకాలకు గడువు ఎప్పుడో దాటింది. వాటిని వదిలేయడమంటే అందరికన్నా ఎక్కువ ఆలస్యం చేసినవారిని లెక్కలోంచి తప్పించడమే. గడువు ఇంకా రాని 40ని పక్కన పెట్టి, ఈ 200ను చేర్చి లెక్కిస్తే 4,160లో 992, దాదాపు 24 శాతం. మూడో ప్రశ్న వ్యక్తి ఒకలా, నాలుగో ప్రశ్న వ్యక్తి మరోలా లెక్కిస్తే చివర్లో రెండింటినీ కలిపి ఏమీ చెప్పలేం.

కాబట్టి మొదటి వారంలో నలుగురూ కలిసి డేటా శుభ్రం చేసి, ఒకే ఫైలుగా దాచాలి. దానికి `loans_v1.csv` లాంటి పేరు పెట్టి, ఇక ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు. తప్పు దొరికితే మిగతా ముగ్గురికీ చెప్పి `loans_v2.csv` చేయాలి, అందరూ దానికి మారాలి. పక్కనే ఒక పేజీలో అరువు, రెన్యువల్, ఆలస్యం, విభాగం అన్న మాటలకు అర్థాలు, ఎన్ని వరుసలు ఎందుకు తీసేశామో రాసి ఉంచాలి. ఒక పేజీ చాలు. రెండు పేజీలు దాటితే ఎవరూ మళ్లీ తెరిచి చూడరు.

రెండో వారం నుంచి నాలుగో వారం దాకా ఎవరి ప్రశ్న వారిది. ఐదో వారం ఒకరిది ఒకరు సరిచూడాలి: మొదటివారిది రెండోవారు, రెండోవారిది మూడోవారు, అలా చుట్టూ. రాతను చదివి ‘బాగుంది’ అనడం సరిచూడటం కాదు. ముఖ్యమైన అంకె ఒకటి ఎంచుకుని, అవతలివారి లెక్క చూడకుండా, ఉమ్మడి ఫైలు నుంచి మళ్లీ వేసి చూడాలి. తేడా వస్తే చాలాసార్లు కారణం అర్థాల పేజీలో రాయని విషయమే అయి ఉంటుంది.

ఈ పద్ధతికి నిజమైన బలహీనత ఒకటుంది: నాలుగు వేర్వేరు వ్యాసాలను కుట్టినట్టు తయారవడం. గుర్తుపట్టడం కష్టం కాదు. గ్రంథాలయం గురించిన పరిచయం నాలుగుసార్లు వస్తుంది, ఏ భాగంలోనూ మరో భాగం ప్రస్తావన ఉండదు. దీనికి మందు ఆరో వారంలో ఉంది. ముగింపులో రాసే ప్రతి మాటా కనీసం రెండు ప్రశ్నల జవాబుల మీద నిలవాలని నియమం పెట్టుకోవాలి. ఆలస్యం ఎక్కువగా ఉన్న విభాగంలోనే రిజర్వేషన్ల ఎదురుచూపు కూడా ఎక్కువగా ఉంటే, గిరాకీ పట్టికను తెచ్చి పక్కన పెట్టి చూడాలి. ప్రతుల కొరత లేకపోయినా ఎదురుచూపు ఎక్కువగా ఉంటే కొత్త పుస్తకాలు కొనేకన్నా ముందు ఆలస్యం తగ్గించే మార్గం వెతకమని చెప్పవచ్చు. ఏ ఒక్కరి ప్రశ్నా విడిగా ఆ మాట చెప్పలేదు.

దశలవారీ పంపకమే సరైన సందర్భాలూ ఉన్నాయి. గడువు వారమే అయితే అర్థాలు తేల్చుకునే సమయం ఉండదు. చేయాల్సింది యాప్ లాంటి ఒకే వస్తువైతే అందులో విడదీయడానికి ప్రశ్నలుండవు. డేటా ఇంకా చేతికి రాక, వందలమందిని కలిసి అడగాల్సి ఉంటే సేకరణ వరకు మనుషులనో ప్రాంతాలనో పంచుకుని, డేటా చేరాక ప్రశ్నలవారీగా మారడం మంచిది. నలుగురిలో ఒకరు మధ్యలో తప్పుకునే అవకాశం ఉంటే మాత్రం ప్రశ్నలవారీ పంపకాన్ని వదలొద్దు. దశల్లో ఒకటి తెగితే తర్వాతివన్నీ ఆగిపోతాయి. ప్రశ్నల్లో ఒకటి పోతే మిగతా మూడింటితో రిపోర్టు నిలబడుతుంది.