డాలర్లలో నా మొదటి ఇన్‌వాయిస్: అందులో ఒక్క వాక్యానికి నేనిచ్చే మార్కులు

ఇన్‌వాయిస్‌లో పేరు, అడ్రస్, స్విఫ్ట్ కోడ్ ఉండాలని అందరికీ తెలుసు, వాటి జోలికి పోను. 2023 అక్టోబరులో నెల్లూరు నుంచి మెల్‌బోర్న్‌లోని ఒక చిన్న కేఫ్‌కి పంపిన మొదటి బిల్లు ఫార్మాట్‌నే ఇప్పటికీ వాడుతున్నాను. దాని అడుగున ఉండే ఈ మూడు లైన్ల గురించే, ముఖ్యంగా మధ్య లైను గురించే ఈ సమీక్ష.

```
Amount due: USD 300.00, credited in full.
All transfer charges (OUR) to payer.
Due: 20 October 2023
```

OUR అంటే పంపే ఖర్చంతా డబ్బు కట్టేవాళ్లదే. ఆ మధ్య లైను రాయించింది రొయ్యల ఎగుమతి కంపెనీలో అకౌంట్స్ చూసే మా బాబాయి. "వాళ్లు ఎంత పంపారని కాదమ్మా, నీ ఖాతాలో ఎంత పడిందో దాన్నే లెక్కగా రాయి" అన్నాడు. నెలను అక్షరాల్లో రాయమన్నదీ ఆయనే. 05/06 అని రాస్తే ఒక దేశంలో జూన్, ఇంకో దేశంలో మే.

మొత్తం పని 600 డాలర్లు. సగం అడ్వాన్స్, మిగతా సగం ఫైనల్ ఫైళ్లు ఇచ్చే ముందు. అడ్వాన్స్ బ్యాంకు వైర్‌లో వచ్చింది. ఖాతాలో పడింది 22,779 రూపాయలు. ఆ రోజు గూగుల్ రేటు 83.20. ఆ లెక్కన 24,960 రావాలి. క్లయింటేమో తాను పూర్తిగా 300 పంపినట్టు రసీదు పెట్టింది. ట్రంకు రోడ్డు బ్రాంచికి వెళ్తే "మేమేం కట్ చేయలేదు మేడమ్" అన్నారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు, డబ్బు మాత్రం తగ్గింది. నాకు ఒకటే టెన్షన్.

ఆమె బ్యాంకు పంపిన MT103, అంటే బ్యాంకులు ఒకదానికొకటి పంపుకునే చెల్లింపు మెసేజ్, కాపీ తెప్పించుకున్నాను. మా బ్యాంకుకు అందిన మెసేజ్ కాపీ కూడా అడిగి తీసుకుని రెండూ పక్కపక్కన పెట్టాను. ఆమె కాపీలో బ్యాంకుల మధ్య కదిలిన మొత్తం చూపే 32A దగ్గర 300 ఉంది, ఖర్చు ఎవరిదో చెప్పే 71A దగ్గర SHA అని ఉంది. మా కాపీలో మొదట పంపమన్న మొత్తం చూపే 33B దగ్గర 300, 32A దగ్గర 278, దారిలో కోసుకున్న ఖర్చు చూపే 71F దగ్గర 22. అంటే ఆస్ట్రేలియా డాలర్లు అమెరికా డాలర్లుగా మారి, దారిలో ఒక మధ్యవర్తి బ్యాంకు గుండా వచ్చాయి. ఆ బ్యాంకు తన 22 పట్టుకుని మిగతాది వదిలింది. SHA అంటే ఖర్చు ఇద్దరూ పంచుకోవడం, అంటే దారిలో కోత నా వాటా. ఆమె నెట్‌బ్యాంకింగ్‌లో ముందుగా టిక్ అయి ఉండేది అదేనట, ఆమె మార్చలేదు. మిగతా తేడాలో చాలా వరకు మా బ్యాంకు 82.10కి మార్చడం వల్ల, 45 రూపాయలు ఆ మార్పిడి మీద జీఎస్‌టీ.

ఇక్కడే ఆ లైను నన్ను గట్టెక్కించింది. వాదన పెట్టుకోలేదు. రెండు కాపీలు, ఇన్‌వాయిస్ జతచేసి పంపాను. రెండో బిల్లులో "మొదటి బిల్లులో తగ్గినది, 22 డాలర్లు" అని విడిగా చూపించాను, ఆమె మాట్లాడకుండా కట్టేసింది. ఆ లైనే లేకపోతే 22 డాలర్ల కోసం కొత్త క్లయింట్‌ను అడగడానికి నాకు నోరు వచ్చేది కాదు. బ్యాంకు మార్పిడి రేటు తేడా మాత్రం నేనే భరించాను, అది ఆమె లెక్క కాదు.

అయితే ఆ లైనే అన్నీ చూసుకుంటుందని ఇప్పుడు అనను. తర్వాత ఒక అమెరికా క్లయింట్ OUR ఎంచుకునే పంపినా కొంత తగ్గే వచ్చింది. అక్కడి నుంచి వచ్చే వైర్లలో ఆ ఎంపికను అన్ని బ్యాంకులూ ఒకేలా పట్టించుకోవు. కొత్తవాళ్లతో అయితే ఈ షరతును ఇన్‌వాయిస్ దాకా ఆగకుండా, పని ఒప్పుకునే మెయిల్‌లోనే చెప్పేస్తున్నాను. పైగా దారిలో పడే కోత బిల్లు చిన్నదైనా పెద్దదైనా దాదాపు ఒకటే. 300లో 22 అంటే ఏడు శాతం పైనే, 1500లో అయితే ఒకటిన్నర శాతం. అందుకే చిన్న పనులను సగం సగం చేయడం మానేసి, అంతా ముందే తీసుకుంటున్నాను.

కేఫ్ ఆమెకు తర్వాత బిల్లు ఆస్ట్రేలియా డాలర్లలోనే ఇచ్చి చూశాను. ఆమె వైపు మార్పిడి ఉండదు, కోతా తగ్గింది. కాకపోతే మా బ్రాంచి ఆ కరెన్సీకి ఇచ్చే రేటు అమెరికా డాలర్ రేటంత బాగుండదు, కాబట్టి మిగిలింది కొంచెమే.

నాకు క్లయింట్లు తక్కువ, బిల్లులు పెద్దవి, బ్యాంకు ఇచ్చే ఫారిన్ రెమిటెన్స్ సర్టిఫికెట్ ఆడిటర్‌కు కావాలి. కాబట్టి వైర్, ఈ మూడు లైన్లు నాకు సరిపోతున్నాయి. నెలకు పది చిన్న లోగోలు చేసేవాళ్లయితే, క్లయింట్ దేశంలోనే లోకల్ ఖాతా నంబరు ఇచ్చే సర్వీసులు చూసుకోవచ్చు. ఆ సర్టిఫికెట్ ఇస్తారో లేదో మాత్రం మొదటి బిల్లు పంపకముందే అడగండి.