గుండెకు బొమ్మ, మణికట్టుకు పాట: పరీక్ష ముందురాత్రి ఏది మేలు?

తెల్లారితే అనాటమీ ఫైనల్. నెల్లూరు హాస్టల్ మేడ మీద నేనూ, రాపూరు పెంచలమ్మా. మధ్యలో ఒక ఫ్లాస్కు టీ. దానిది బిగ్గరగా వల్లెవేసే చదువు, నాది పుస్తకం మూసి తెల్లకాగితం మీద గీసే చదువు. ఏది మేలో తేల్చుకుందామని ఒకరినొకరు ప్రశ్నలడుక్కున్నాం.

మొదట గుండె. సుపీరియర్ వీనాకేవా దగ్గర మొదలెట్టి అయోర్టా దాకా ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పింది. "సరే, ఊపిరితిత్తుల నుంచి వచ్చిన రక్తం ఎక్కడికి పోతుంది?" అన్నా. నోట మాట లేదు.

"నాకు ఆడ్నుంచి రాదు మే. మొదట్నించి చెప్పనీ."

వల్లెవేసిన దానికి వాకిలి ఒక్కటే. నడిమధ్యలో దింపితే దారి తెలీదు. పైగా పల్మనరీ ఆర్టరీలో మంచి రక్తం ఉంటుందని రాసుకుంది, ఆర్టరీ అనే పేరు చూసి. గుండె నుంచి బయటికి తీసుకెళ్లేది ఆర్టరీ, అంతే. అందులో ఏ రక్తం ఉందన్నది పేరులో లేదు.

బొమ్మలో ఈ తప్పు దాక్కోలేదు. నాలుగు గదులు గీసి, కాగితానికి ఎడమవైపు 'కుడి' అని రాయాలి, ఎందుకంటే మనిషి మనకెదురుగా ఉన్నట్టు లెక్క. ఇది మరిచిపోతే ట్రైకస్పిడ్ కవాటం మైట్రల్ చోటికి పోతుంది. తర్వాత కుడి గదులకు నీలం పెన్ను, ఎడమ గదులకు ఎర్ర పెన్ను. కుడి జఠరిక నుంచి ఊపిరితిత్తులకు పోయే గొట్టం నీలంగానే గీయాల్సి వస్తుంది, అక్కడినుంచి తిరిగొచ్చే పల్మనరీ వీన్లు ఎర్రగా. రంగు మారేది ఊపిరితిత్తుల్లోనే గనక చెయ్యి తప్పు గీయనివ్వదు.

ఇక్కడిదాకా గెలుపు నాదే. కానీ మణికట్టు దగ్గర నా పరువు పోయింది. ఆ 8 ఎముకలు గీయడానికి అరగంట పట్టింది, అయినా బొటనవేలి కింద ట్రపెజాయిడ్ పెట్టా. పెంచలమ్మ చూడకుండానే పట్టేసింది: "స్కాఫాయిడ్, లూనేట్, ట్రైక్వెట్రల్, పిసిఫార్మ్... మళ్లీ బొటనవేలి వైపునుంచి ట్రపీజియం. ట్రపెజాయిడ్ దాని తర్వాతే కదే!"

రక్తం ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోవడానికి కారణముంది, గీస్తే కనిపిస్తుంది. ఎముకల పేర్ల వరుసకు అలాంటిదేం లేదు, పాటలా పాడుకోవడమే. అరగంట బొమ్మకి పోసేకంటే పది నిమిషాలు పాడుకునుంటే నాకింకో పాఠం అయ్యుండేది.

రెండింటికి టీ అయిపోయింది. పెంచలమ్మ మూడుసార్లు గుండె గీసి, కాగితాలు చించేసి, లైటార్పేసింది. కాసేపటికి చీకట్లోంచి గొంతు:

"ఇప్పుడు అడుగు మే. నడిమధ్య నుంచే."

"ఎడమ కర్ణిక."

"మైట్రల్ దాటి ఎడమ జఠరిక, అయోర్టిక్ కవాటం, అయోర్టా. ఇంక పడుకో."