కళ్యాణమస్తు, వియ్యం, తోడు: సంబంధాలు చూసే సంస్థకు ఏ పేరు మేలు?

గుంటూరు బ్రాడీపేటలో మా బావ పెళ్లి సంబంధాల ఆఫీసు పెడుతున్నాడు. చివరికి మూడు పేర్లు మిగిలాయి: కళ్యాణమస్తు, వియ్యం, తోడు. ఇంట్లో పెద్దవాళ్ల ఓటు మొదటిదానికి, అక్కది రెండోదానికి, నాది మూడోదానికి.

పేరు ఎలా ఉందని అడిగితే అందరూ బాగుందనే అంటారు, అందుకని అది రెండు చోట్ల ఎలా ఉంటుందో చూడాలి. ఒకటి, ఏదో ఫంక్షన్‌లో పక్క కుర్చీలో కూర్చున్న చుట్టంతో తండ్రి "అమ్మాయి పేరు ఫలానా చోట ఇచ్చామండీ" అనే మాట. రెండోది, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే ఆ అమ్మాయి ఫోన్ ఆఫీసు టేబుల్ మీద ఉండగా ట్రూకాలర్‌లో వెలిగే పేరు. అక్కడ "ఫలానా మ్యారేజ్ బ్యూరో" అని కనబడితే, పక్క సీట్లో ఉన్నవాళ్లు నవ్వక ముందే ఆమె ఫోన్ బోర్లా పెట్టేస్తుంది, తర్వాత మనం ఎన్నిసార్లు చేసినా ఎత్తదు.

కళ్యాణమస్తు తండ్రి నోట్లో బ్రహ్మాండంగా ఉంటుంది, అనుమానం లేదు. చిక్కేమిటంటే ఆ పేరు ఇప్పటికే ఎక్కడపడితే అక్కడ ఉంది. తిరుమల తిరుపతి దేవస్థానం సామూహిక వివాహాలు ఆ పేరుతోనే చేసింది, 2022లో రాష్ట్ర ప్రభుత్వం పేద ఆడపిల్లల పెళ్లి సాయానికి పెట్టిన పథకం పేరు కూడా వైఎస్సార్ కళ్యాణమస్తు. ఆ బోర్డు పెట్టుకుంటే సంబంధాలు అడిగేవాళ్ల కంటే "డబ్బులు ఎప్పుడు పడతాయండీ" అని అడిగేవాళ్లే ఎక్కువ రావచ్చు. పైగా గుంటూరులో క్రైస్తవ, ముస్లిం కుటుంబాలు తక్కువేం కాదు, ఆ పేరు చూస్తే ఇది మనకు కాదనుకుని ముందుకు వెళ్లిపోతారు. ఇంకోటి, చేసే పనినే చెప్పే మాటను ట్రేడ్‌మార్క్‌గా మన ఒక్కరి సొంతం చేసుకోవడం కష్టం. కళ్యాణం, వివాహం, మ్యాట్రిమొనీ అన్నీ ఆ బాపతే.

వియ్యం వినగానే నాకూ నచ్చింది. రెండు కుటుంబాలనూ సమానంగా నిలబెట్టే మాట అది, అబ్బాయివాళ్లు పైన, అమ్మాయివాళ్లు కింద అన్న వాసన లేదు. కానీ వియ్యం అందుకునేది పెద్దవాళ్లు. ఇరవై ఏడేళ్ల కుర్రాడికి అందులో తన చోటు కనబడదు. పైగా ఫోన్‌లో గబగబా చెబితే "బియ్యమా? ఏ రకం?" అంటారు. నవ్వులాటకి అనడం లేదు, ఆటో శబ్దంలో నిలబడి మీరే ఒకసారి చెప్పి చూడండి.

తోడు దగ్గర అసలు తేడా ఉంది. తల్లి "మా వాడికో తోడు దొరికితే చాలు" అంటుంది, కుర్రకారుకీ ఆ మాటతో ఇబ్బంది లేదు. మతం అడ్డు రాదు, రెండో పెళ్లికి చూసేవాళ్లూ మొహమాటపడకుండా లోపలికి వస్తారు. స్క్రీన్ మీద తోడు అని వెలిగితే పక్కవాళ్లకు ఏమీ అర్థం కాదు, అదే కావాలి. లోపాలు లేకపోలేదు. చిరువ్యాపారులకు వడ్డీ లేని అప్పు ఇచ్చిన జగనన్న తోడు గుర్తొస్తుంది, కొందరికి వృద్ధుల సేవాసంస్థ అనిపిస్తుంది. అందుకే పేరు ఒంటరిగా వదలకూడదు, దాని కిందే "పెళ్లి సంబంధాలు" అని పెద్దక్షరాల్లో ఉండాలి. వెబ్‌సైట్ పెడితే ఇది పెళ్లి కోసమే, డేటింగ్ సైట్ కాదని స్పష్టంగా రాయాలని 2016లో కేంద్రం ఇచ్చిన సూచనల్లో ఉంది కాబట్టి ఆ ముక్క ఎలాగూ తప్పదు.

ఇంగ్లీషు పేరు ఎందుకు వద్దన్నామని అడుగుతారేమో. "మంచి మ్యాచ్ వచ్చింది" అని పెద్దవాళ్లూ అంటారు, నిజమే, కానీ అదే మాట బోర్డు మీద చూస్తే యాప్ అనుకుని భయపడతారు.

స్పెల్లింగ్ మాత్రం ముందే తేల్చుకోవాలి. మనవాళ్లు "త"కి th రాస్తారు కాబట్టి thodu అసలు పేరు, todu డొమైన్ కూడా దొరికితే కొని దానికే మళ్లించాలి. సంఖ్యాశాస్త్రం అని ఇంకో d, ఇంకో h తగిలించారో, ఫోన్‌లో విని టైప్ చేసేవాడు వేరే ఎక్కడికో పోతాడు. బావ ఆ పని చేసేలాగే ఉన్నాడు, చూడాలి. ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్‌లో, పెళ్లి సంబంధాల సేవలు వచ్చే 45వ తరగతిలో, ఉచ్చారణ పోలికతో వెతికే ఆప్షన్‌తో చూశాకే బోర్డుకి అడ్వాన్స్ ఇవ్వమన్నాను. అదే తరగతిలో అలాంటి పేరు ఇప్పటికే ఎవరికైనా ఉంటే, తోడు ముందు ఇంకో మాట చేర్చడమో, మళ్లీ మొదటికి రావడమో.