కొలకర్ర, ఫోన్ ఫొటో, ఆవు బరువు: రెండేళ్లు వాడాక

మా ఆవుల్లో ఎర్రావు టేపుకు లొంగదు. ముందుకాళ్ల వెనక నుంచి టేపు దూర్చి ఛాతీ చుట్టూ తిప్పబోతే కాలు విసురుతుంది. నట్టల మందు వేయాలన్నా, దాణా లెక్క కట్టాలన్నా దాని బరువు కావాలి. కాటా మాకు అందుబాటులో ఉండేది ఏడాదికి నాలుగైదుసార్లే. అందుకే పక్క నుంచి ఫొటో తీసి, అందులో కనిపించే కొలకర్రతో పోల్చి బరువు అంచనా కట్టడం మొదలుపెట్టాను. రెండేళ్లయింది. ఈ పద్ధతి ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ మోసపోతామో ఇప్పుడు చెప్పగలను.

టేపుతో కొలిచేవాళ్లు వాడే సూత్రమే దీనికీ ఆధారం. కొలతలు సెంటీమీటర్లలో ఉంటే ఇలా:

బరువు (కిలోలు) = చుట్టుకొలత × చుట్టుకొలత × పొడవు ÷ 10840

చుట్టుకొలత అంటే ముందుకాళ్ల మోచేతుల వెనక ఛాతీ చుట్టూ వచ్చే కొలత. పొడవు అంటే భుజం ముందు పొడుచుకొచ్చినట్టుండే ఎముక మొన నుంచి తోక పక్కన పిర్ర ఎముక మొన దాకా. పొడవు పక్క ఫొటోలో నేరుగా దొరుకుతుంది. చుట్టుకొలత దొరకదు. ఫొటోలో కనిపించేది ఛాతీ లోతు, అంటే వీపు నుంచి ఛాతీ అడుగు దాకా ఉన్న నిలువు కొలత మాత్రమే. ఆ లోతును ఒక అంకెతో గుణించి చుట్టుకొలత రాబట్టాలి. ఆ అంకెను ఊహించకూడదు, ఆ ఆవు మీదే తేల్చుకోవాలి. ఎర్రావును చికిత్స కోసం బోనులో నిలబెట్టిన రోజున ఎలాగో టేపు వేశాం: 174 సెంటీమీటర్లు. అదే పూట తీసిన ఫొటోలో ఛాతీ లోతు 69 వచ్చింది. 174ను 69తో భాగిస్తే 2.52. అప్పటి నుంచి ఎర్రావుకు నేను వాడిన అంకె అదే. మా మిగతా ఆవులకు వేరే అంకెలు వచ్చాయి, కాబట్టి దీన్ని తీసుకెళ్లి ఇంకో ఆవుకు వాడొద్దు.

ఒక ఉదయం లెక్క మొత్తం చూపిస్తాను. పాలు పిండడం అయ్యాక, మేత, నీళ్లు పెట్టకముందు తీసిన ఫొటో. ఆవు సమంగా ఉన్న నేల మీద నాలుగు కాళ్లూ నిలువుగా పెట్టి, తల నిటారుగా ఉంచి నిలబడింది. నేను ఛాతీకి ఎదురుగా, సుమారు నాలుగు మీటర్ల దూరంలో, ఫోన్‌ను ఛాతీ నడిమి ఎత్తులో పట్టుకున్నాను. విశాలంగా చూపించే లెన్సు వాడలేదు, అది అంచుల్లో ఆకారాన్ని సాగదీస్తుంది. మీటరు కొలకర్ర ఫొటోలో 820 పిక్సెళ్లు ఉంది, అంటే సెంటీమీటరుకు 8.2. భుజం మొన నుంచి పిర్ర ఎముక దాకా 1230 పిక్సెళ్లు, అంటే 150 సెంటీమీటర్లు. ఛాతీ లోతు 574 పిక్సెళ్లు, అంటే 70. దాన్ని 2.52తో గుణిస్తే చుట్టుకొలత 176.4. సూత్రంలో వేస్తే 430 కిలోలు వచ్చింది. అదే వారం కాటా మీద 418 చూపించింది. తేడా 3 శాతం. టేపు వేసిన ఆవుల్లోనూ ఇంత తేడా నేను చాలాసార్లు చూశాను.

అయితే ఈ స్థితికి రావడానికి నాకు నాలుగైదు నెలలు పట్టింది. మొదట్లో నా అంచనాలన్నీ తక్కువే వచ్చేవి. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ వస్తే చేతి పొరపాటు అనుకునేవాణ్ణి. ప్రతిసారీ తక్కువే వస్తోందంటే కారణం ఒక్కటే అయి ఉండాలి. అది కర్ర నిలబెట్టిన చోటు. మా తమ్ముడు కర్రను ఆవు పక్కకు ఆనించి, నా వైపు పట్టుకునేవాడు. చూడ్డానికి అదే సరైన చోటు అనిపిస్తుంది. కానీ మనం కొలిచే వీపు గీతా, ఛాతీ అడుగూ ఆవు నడిమధ్యలో ఉంటాయి. పక్కకు ఆనించిన కర్ర వాటికంటే ఇంచుమించు 28 సెంటీమీటర్లు ఫోన్‌కు దగ్గరగా ఉంటుంది. దగ్గరున్న వస్తువు పెద్దగా కనిపిస్తుంది. నాలుగు మీటర్ల దూరంలో ఆ 28 సెంటీమీటర్ల వల్ల కర్ర 820కి బదులు 882 పిక్సెళ్లు కనిపిస్తుంది.

ఏడున్నర శాతమే కదా అనిపిస్తుంది. కానీ సూత్రంలో చుట్టుకొలత రెండుసార్లు, పొడవు ఒకసారి గుణింతంలో ఉన్నాయి. స్కేలు తప్పితే ఆ తప్పు మూడుసార్లు గుణించుకుంటుంది. పై ఫొటోనే ఆ తప్పు స్కేలుతో లెక్క కడితే పొడవు 139.5, లోతు 65, బరువు 345 కిలోలు వస్తాయి. అంటే 85 కిలోలు గల్లంతు! ఆవు అదే, ఫొటో అదే, మారింది కర్ర పట్టుకున్న చోటు మాత్రమే.

ఇప్పుడు కర్రను వెన్నెముక వరుసలో, పిర్రలకు ఒక అడుగు వెనక నిలువుగా నిలబెడుతున్నాం. సాధు ఆవైతే వీపు మీదే వెన్ను వెంబడి పడుకోబెట్టి తీస్తాను. జాగా ఉంటే ఆరు మీటర్ల దూరం నుంచి జూమ్ చేసి తీయడం ఇంకా మంచిది. కర్ర కొంచెం అటూఇటూ అయినా దూరం పెరిగేకొద్దీ ఆ తప్పు తగ్గుతుంది. మీ అంచనాలు కాటాకంటే ఎప్పుడూ ఒకే వైపు తప్పుతుంటే ముందు కర్ర సంగతి చూడండి.

ఆవు కొంచెం ఓరగా నిలబడితే పొడవు తగ్గి కనిపిస్తుంది. 15 డిగ్రీలు తిరిగితే తగ్గేది మూడున్నర శాతమే, బరువులో అది 15 కిలోల లోపు. తొడల వెనక భాగం గానీ, రొమ్ము ముందు భాగం గానీ ఫొటోలో పరుచుకున్నట్టు కనిపిస్తే ఓరగా ఉందని గుర్తు. ఇంకో ఫొటో తీసుకుంటే సరిపోతుంది.

అసలు జాగ్రత్త పడాల్సింది ఛాతీ లోతు గుర్తు పెట్టేటప్పుడు. పొడవులో ఒక సెంటీమీటరు తప్పితే 3 కిలోలు మారుతుంది. లోతులో అదే ఒక్క సెంటీమీటరు తప్పితే 12 కిలోలు. ఆ సెంటీమీటరు ఎక్కువగా తప్పేది గంగడోలు దగ్గర. గంగడోలు చర్మం ముందుకాళ్ల మధ్య నుంచి వెనక్కి సాగి, ఛాతీ ఎముక కిందుగా మడతలా వేలాడుతుంది. ఫొటోలో అదే ఛాతీ అడుగు అనిపిస్తుంది. ఎర్రావుకు ఆ మడత రెండు వేళ్ల మందం ఉంటుంది. దాన్ని కలిపేసుకుంటే 30 కిలోలకు పైగా ఉత్తినే పెరుగుతుంది. రెండు మూడు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే మడత ఊగి ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉంటుంది, ఎముక గీత మాత్రం కదలదు. మూపురం ఉన్న ఆవులకు పైగుర్తును మూపురం మీద కాక, దాని వెనక వీపు చదునైన చోట పెట్టాలి. మధ్యాహ్నం ఎండలో పొట్ట కింది నీడా ముదురు రంగు చర్మమూ కలిసిపోయి అడుగు గీతే కనిపించదు. అందుకే నేను ఉదయం వెలుతురులోనే తీస్తాను.

ఇన్ని సరిచేసుకున్నాక కూడా ఒకసారి గట్టిగా దెబ్బతిన్నాను. ఎర్రావు ఈనింది. పాలు బాగా ఇస్తోంది, రెండు నెలల్లో పక్కటెముకలు లెక్కపెట్టేలా తేలాయి. ఫొటో తీస్తే పొడవు 150, లోతు 70, మళ్లీ 430 కిలోలు! కంటికి చిక్కిపోయినట్టు కనిపిస్తున్న ఆవు లెక్కలో మాత్రం ఏమీ తగ్గలేదు. కాటా మీద 392 ఉంది. నాకు చాలా బాధేసింది, ఎందుకంటే ఆ ఫొటో అంకె నమ్మి దాణా పెంచడం మూడు వారాలు ఆలస్యం చేశాను.

కారణం తర్వాత అర్థమైంది. పక్క ఫొటోలో కనిపించే పొడవు, లోతు రెండూ దాదాపు ఎముకల కొలతలే. ఆవు చిక్కినప్పుడు తగ్గేది ఎక్కువగా వెడల్పు, ఆ వెడల్పు పక్క నుంచి కనపడదు. దాన్ని మోస్తున్నది మనం వాడే ఆ ఒక్క అంకె, 2.52. ఆవు చిక్కితే ఆ అంకె కూడా చిక్కాలి. మళ్లీ బోనులో పెట్టి టేపు వేస్తే చుట్టుకొలత 170 వచ్చింది. లోతు 70కి అది 2.43. కొత్త అంకెతో బరువు 400, కాటాకు 2 శాతం తేడా. అప్పటి నుంచి ఈనిన నెలకు ఒకసారి, మూడో నెలలో ఒకసారి, పాలు మానేశాక ఒకసారి అంకెను తిరిగి తేలుస్తున్నాను. టేపు వీలుకానప్పుడు నేరుగా వెనక నుంచి ఇంకో ఫొటో తీసి పాత దాంతో పోలుస్తాను. అది అంకె ఇవ్వదు గానీ, పాత అంకె చెల్లుతుందో లేదో చెబుతుంది.

నిండు చూడి ఆవుకు ఇంకో చిక్కు ఉంది. సూత్రం ఛాతీని చూస్తుంది, కడుపును కాదు. పెద్ద జాతి ఆవుల్లో నెలలు నిండేసరికి దూడా, ఉమ్మనీరూ, మిగతావీ కలిసి 60 కిలోలు దాటవచ్చు. అందులో చాలాభాగం ఈ లెక్కలోకి రాదు. కాటా ఎక్కువ చూపిస్తే అది ఫొటో తప్పు కాదు.

ఇక హద్దుల మాట. ఒకే ఉదయం ఒకే ఆవుకు తీసిన మూడు ఫొటోలు నాకు 10 నుంచి 15 కిలోల తేడాతో వస్తాయి. అందుకని మూడూ లెక్కకట్టి మధ్యది తీసుకుంటాను. అంకె కొత్తగా తేల్చుకున్న ఆవుకు కాటాతో తేడా ఎక్కువసార్లు 5 శాతం లోపే ఉంది, ఎప్పుడైనా 8 దాకా వెళ్లింది. అంకె పాతబడితే 10 శాతం, కర్ర తప్పు చోట ఉంటే 17, 20 శాతం కూడా చూశాను. అందువల్ల పుస్తకంలో 430 అని ఒక్క అంకె రాయడం మానేసి 390–470 అని రాస్తున్నాను. నెలకూ నెలకూ మధ్య 20 కిలోల లోపు మార్పు కనిపిస్తే దాన్ని మార్పుగా తీసుకోను. మేత, నీళ్లతోనే అంత బరువు ఒక్కరోజులో అటూఇటూ అవుతుంది.

దాణా లెక్కకు ఈ హద్దు సరిపోతుంది. మందు విషయంలో మాత్రం డాక్టరుగారికి ఇది ఫొటో అంచనా అని ముందే చెబుతాను, రెండు చివరలూ చెబుతాను. లెవామిసోల్ లాంటి నట్టల మందులో సరైన మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య ఖాళీ తక్కువ. అలాగని భయపడి తక్కువ వేస్తే నట్టలు చావవు, మందుకు అలవాటు పడతాయి. అమ్మకం, కొనుగోలు దగ్గర ఈ పద్ధతి వాడను. అక్కడ కాటా ఉండాల్సిందే.

టేపుకు లొంగే ఆవులు ఉన్నవాళ్లకు ఫొటోతో పనిలేదు. టేపు వేస్తే లోతు నుంచి చుట్టుకొలత ఊహించే ఆ ఒక్క మెట్టు తప్పిపోతుంది, కర్ర సరిగ్గా పెట్టాక మిగిలే తప్పుల్లో పెద్దది అక్కడే ఉంది. మా ఇంట్లో ఇప్పుడు ఫొటో లెక్క రెండింటికే: ఎర్రావుకూ, మనిషి దగ్గరికి వస్తే పరిగెత్తే ఒక పెయ్యకూ. పెయ్య ఎదుగుతోంది కాబట్టి దాని లోతు, పొడవు నిజంగానే నెలనెలా మారతాయి. పోయిన నెలకూ ఈ నెలకూ పొడవు 4 సెంటీమీటర్లు పెరిగింది. దానికింకా టేపు పడలేదు, అందుకే పుస్తకంలో దాని పేరు ఎదురుగా బరువు రాయలేదు, పొడవూ లోతూ మాత్రమే రాసి ఉంచాను.