గుడి వద్దన్నవారి గుళ్ళు: బసవకల్యాణం, కూడలసంగమం యాత్ర

గుడినీ కులాన్నీ కాదన్న 12వ శతాబ్దపు శివభక్త కవి బసవన్న తిరిగిన చోట్లు చూడాలనుకునేవారు కర్ణాటకలో ముందు బసవకల్యాణానికీ తర్వాత కూడలసంగమానికీ వెళ్ళాలని నా సలహా. హైదరాబాద్ నుంచి దారి అలా కలిసివస్తుంది, కథ కూడా ఆ వరుసలోనే అర్థమవుతుంది. జహీరాబాద్, హుమ్నాబాద్ దాటాక సస్తాపూర్ దగ్గర పెద్ద రోడ్డు వదిలి లోపలికి తిరిగితే బసవకల్యాణం వస్తుంది. హైదరాబాద్ నుంచి దాదాపు 180 కిలోమీటర్లు. బస్సులో వెళ్ళేవారు హుమ్నాబాద్‌లో దిగి మారితే ఇబ్బంది ఉండదు. 1956 దాకా ఈ ఊరు హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది కాబట్టి బజారులో ఉర్దూ, మరాఠీ, కన్నడం కలగలిసి వినిపిస్తాయి. తెలుగువాడినంటే ఎవరూ వింతగా చూడరు.

ఊళ్ళోకి వెళ్ళేవారి కంట పడేది 108 అడుగుల బసవన్న విగ్రహం. 2012లో ఆవిష్కరించారు. ఫోటోలకు బాగుంటుంది, పిల్లలకు నచ్చుతుంది, అంతకుమించి అక్కడ ఎక్కువసేపు గడపడానికి నాకు కారణం కనిపించలేదు. కోటకు కూడా సగం పూట చాలు. సమయమంతా చిన్న చోట్లకు ఉంచుకోండి. బసవన్న కూర్చుని జనం మాట వినేవాడని చెప్పే పరుష కట్టె, బసవన్న అక్క నాగమ్మ గుహ, ఆయన తోటి కవి అల్లమ ప్రభువు ఆసనమని చెప్పే గద్దుగె, చెప్పులు కుట్టే హరళయ్య పేరు మీద ఉన్న చోటు చూడండి. ఆటో మాట్లాడుకుంటే అన్నీ ఒక్క తిరుగుడులో అయిపోతాయి. అయితే ధర ముందే తేల్చుకోవాలి. చాలా చోట్ల రాతపూర్వకమైన వివరం కన్నడంలోనే ఉంది, తెలుగు బోర్డు ఎక్కడా కనిపించలేదు. చదువుకుని వెళ్ళకపోతే రాయీ సున్నమూ తప్ప ఏమీ దక్కదు.

అందుకని కొంచెం కథ చెబుతాను. 12వ శతాబ్దంలో ఈ ఊరు కల్యాణి. చాళుక్యుల రాజధాని. వారి చేతిలోంచి రాజ్యం లాక్కున్న కలచురి బిజ్జలుడి దగ్గర బసవన్న భండారి, అంటే ఖజానా అధికారి. పుట్టుకతో బ్రాహ్మణుడు, ఉపనయనం కాదని ఇల్లు విడిచినవాడు. ఆ కాలంలో ఈ నేల నిండా రాతి శివాలయాలు లేస్తున్నాయి. రాజులు, సామంతులు, వర్తకులు కట్టించి, భూములు రాసిచ్చి, ఆ దానాన్ని శాసనంగా చెక్కించేవారు. లోపల పూజ చేసేది ఎవరో, గడప దగ్గర ఆగిపోయేది ఎవరో పుట్టుకే తేల్చేది. బసవన్న కన్నడంలో చెప్పిన చిన్న చిన్న భక్తి కవితలను వచనాలంటారు. వాటిలో బాగా ప్రసిద్ధమైనది సరిగ్గా ఈ దాతల మీదికే గురిపెట్టింది. ఉన్నవారు శివాలయాలు కడతారు, పేదవాణ్ణి నేనేం చేయను, నా కాళ్ళే స్తంభాలు, దేహమే దేవళం, శిరస్సే బంగారు కలశం అంటాడు. నిలిచి ఉన్నదానికి చేటుంది, కదిలేదానికి లేదు అని ముగిస్తాడు. అల్లముడు ఇంకా కటువు. దేహంలో దేవాలయం ఉండగా వేరే దేవాలయం ఎందుకు, గుహేశ్వరా, నువ్వు రాయివైతే నేనేమవుతాను అని నిలదీస్తాడు.

మాట చెప్పి ఊరుకుంటే అది కవిత్వంగా మిగిలిపోయేది. శరణులు, అంటే బసవన్న బాట పట్టిన భక్తులు, దానికి ఒక వస్తువు జోడించారు. అదే ఇష్టలింగం. గురువు దీక్ష ఇచ్చి కట్టే చిన్న లింగం, మెడలో వేలాడుతుంది. పూజ వేళ ఎడమ అరచేతిలో పెట్టుకుంటారు. దీనితో గుడి, పూజారి, గడప మూడూ ఒకేసారి అనవసరమైపోయాయి. ఆడవాళ్ళకూ దీక్ష ఉంది. పురుడు, చావు, ముట్టు, కులం వంటి అంటులు లింగం కట్టినవారికి లేవన్నారు. అక్కడినుంచి కులం మీద దెబ్బ దానంతట అదే పడింది. ఇనుము కాల్చి కమ్మరి, బట్టలు ఉతికి చాకలి, నూలు పేర్చి సాలె, వేదం చదివి బ్రాహ్మణుడు అయ్యారు గానీ, లోకంలో చెవిలోంచి పుట్టినవారు ఎవరైనా ఉన్నారా అని అడుగుతాడు బసవన్న. శరణులు కూడి చర్చించుకునే సభ పేరు అనుభవ మంటపం. అందులో మడివాళ మాచయ్య చాకలి, అంబిగర చౌడయ్య పడవ నడిపేవాడు. మాట్లాడే వరుస పుట్టుకను బట్టి రాలేదు.

అసలు పరీక్ష పెళ్ళిలో వచ్చింది. హరళయ్య చెప్పులు కుట్టేవాడు, మధువరసు బ్రాహ్మణుడు. ఇద్దరూ లింగం కట్టుకున్నారు. లింగం కట్టాక పాత కులం లేదన్నది నిజమైతే మధువరసు కూతుర్ని హరళయ్య కొడుకుకు ఇవ్వడంలో అడ్డేముంది? శరణుల లెక్కలో ఇద్దరు సమానులు వియ్యమందారు, అంతే. ఊరి పెద్దల లెక్కలో మాత్రం పై కులపు పిల్ల కింది కులానికి వెళ్ళింది, అది శాస్త్రం అసలు ఒప్పుకోని దిశ. కలిసి భోంచేస్తే చూసీచూడనట్టు పోయినవారు ఇక్కడ ఊరుకోలేదు. గుడిని కాదన్నప్పటి కంటే పెళ్ళిని ఔనన్నప్పుడే రాజ్యానికి కోపం వచ్చింది. బిజ్జలుడు తండ్రులిద్దరి కళ్ళు తీయించి, ఏనుగు కాళ్ళకు కట్టి ఈడ్పించాడని కన్నడ కథనాలు చెబుతాయి. తెలుగులో పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో కళ్ళు తీయించిన ఘోరాన్ని చెప్పాడు గానీ, పెళ్ళిని కథకు మూలంగా నిలబెట్టినవి తర్వాతి కన్నడ రచనలే. 1167 ప్రాంతంలో బిజ్జలుడు హత్యకు గురయ్యాడు, శరణులు చెల్లాచెదురయ్యారు. హరళయ్య చోటు దగ్గర ఇదంతా తలచుకుంటూ నిలబడితే, విగ్రహం దగ్గర కలగనిది ఇక్కడ కలుగుతుంది. జనం మాత్రం విగ్రహం దగ్గరే ఎక్కువ.

అనుభవ మంటపం గురించి ఒక హెచ్చరిక. ఆటోవాళ్ళు మిమ్మల్ని దించేది 20వ శతాబ్దంలో భాల్కి మఠం చన్నబసవ పట్టదేవరు చొరవతో లేచిన కట్టడం దగ్గర. ఇది పాతది అని ఎవరైనా చెప్తే నమ్మకండి. దగ్గరలోనే ప్రభుత్వం 2021 జనవరిలో కొత్తదానికి శంకుస్థాపన చేసింది, అప్పటి అంచనా 500 కోట్ల రూపాయలు. దేహమే దేవళం అన్నవాడి పేరు మీద 500 కోట్ల రాయి! నాకు నవ్వూ చిరాకూ రెండూ వచ్చాయి. పక్కనున్న త్రిపురాంతక చెరువు గట్టు మీద సాయంత్రం గడపడం మాత్రం హాయి.

బసకు బస్టాండు చుట్టూ లాడ్జీలు ఉన్నాయి. గదులు చిన్నవి, శుభ్రంగానే ఉంటాయి, వేడినీళ్ళు పొద్దుటిపూట మాత్రమే. నేను దిగిన ఒక చోట గుమస్తా పేరు రాసుకుని, ‘మీరు లింగాయతులేనా? అందులో ఏ శాఖ?’ అని అడిగాడు. అతని వెనక గోడ మీద బసవన్న వచనమే ఉంది. వీడెవడు వీడెవడు అనిపించకయ్యా, వీడు మావాడే అనిపించు అన్నది. నేను అటు చూపించాను. అతను కూడా తిరిగి చూసి, నవ్వి, తాళం చెవి ఇచ్చాడు. భోజనానికి ఇబ్బంది లేదు. జొన్నరొట్టె, నూనె వంకాయ, వేరుశనగ పొడి ఎక్కడ తిన్నా బాగున్నాయి.

అక్కడినుంచి కూడలసంగమానికి కలబురగి మీదుగా వెళ్ళాలి, పూర్తి రోజు ప్రయాణం అనుకోండి. రైలు కావాలంటే ఆలమట్టి స్టేషన్ దగ్గర. కృష్ణా, మలప్రభా కలిసే చోటు ఇది. బసవన్న చదువుకున్నదీ, కల్యాణం చెడ్డాక తిరిగివచ్చి లింగైక్యమైనదీ ఇక్కడే. పాత సంగమేశ్వర ఆలయం చాళుక్యుల తీరులో, బరువైన స్తంభాలతో ఉంటుంది. దాని ముందు నిలబడితే ఒక చిక్కు ప్రశ్న వస్తుంది. నిలిచినదానికి చేటుంది అన్న మనిషి తన వచనాలకు ముద్రగా పెట్టుకున్నది ఈ గుడి దేవుడి పేరే, కూడలసంగమదేవా అని. అక్కడ విభూతి పెట్టుకుని కూర్చున్న ఒక పెద్దాయనను అడిగాను.

‘అజ్జా, గుడి వద్దన్నాయన ఈ గుడి దేవుణ్ణే ఎందుకు పిలిచాడు?’

‘చిన్నప్పుడు చూసినవాణ్ణి మరిచిపోతాడా తమ్ముడూ? గుళ్ళో వదిలేయలేక మెళ్ళో కట్టుకుని తీసుకుపోయాడు’ అన్నాడాయన.

పండితుల వివరణలు కొన్ని చదివాను, ఇంత సూటిగా లేవు.

బసవన్న లింగైక్యమైన చోటని చెప్పే ఐక్య మంటపం తప్పక చూడవలసింది. నారాయణపుర జలాశయం నీళ్ళు పైకి వచ్చి ఆ చోటు మునిగిపోతుందని చుట్టూ కాంక్రీటు గోడ గుండ్రంగా, లోతైన బావి మాదిరి కట్టారు. ఒడ్డు నుంచి నడిచి వెళ్ళి, మెట్లు దిగితే అడుగున చిన్న మంటపం, లింగం. చుట్టూ నీటి మట్టం మన తలకంటే పైన. మోకాళ్ళ నొప్పులున్నవారు మెట్ల సంగతి ముందే ఆలోచించుకోవాలి. మధ్యాహ్నం ఎండకు రాయి కాళ్ళు కాలుస్తుంది, పొద్దున్నే వెళ్ళండి. క్షేత్రంలో యాత్రికుల వసతి గృహాలు, ఉచిత దాసోహ భోజనం ఉన్నాయి. దాసోహంలో అందరూ ఒకే వరుసలో కూర్చుంటారు, ఎవరినీ ఏమీ అడగరు. రాతికట్టడాలన్నిటికంటే ఈ పంక్తే ఉద్యమానికి దగ్గరగా ఉందని నాకనిపించింది.

అయినా కులం పోలేదు. లింగాయతుల్లోనే శాఖలు స్థిరపడ్డాయి, ఊరూరా తిరిగే గురువుగా మొదలైన జంగమం పుట్టుకతో వచ్చే వర్గంగా మారింది. తెలుగు నేల మీద ఈ రాజీ మొదటి తరంలోనే కనిపిస్తుంది. ద్రాక్షారామానికి చెందిన మల్లికార్జున పండితారాధ్యుడు బసవన్నను గొప్పగా గౌరవించాడు. అయినా భక్తిని ఎంత ప్రేమించినా బ్రాహ్మణ్యంతో పొత్తు వదలలేనన్నాడు. ఆయన బాటలోని ఆరాధ్యులు లింగంతో పాటు జంధ్యమూ ఉంచుకున్నారు. బసవన్న కథను తొలిసారి పూర్తి పురాణంగా ద్విపదలో చెప్పినది మాత్రం మన సోమనాథుడే. దాన్ని భీమకవి 1369లో కన్నడంలోకి తెచ్చాడు. కన్నడిగులకు ఈ మాట చెబితే సంతోషంగా ఒప్పుకుంటారు. సోమనాథుడి ఊరని చెప్పే జనగామ జిల్లా పాలకుర్తిలో గుట్ట మీది సోమేశ్వరాలయానికి వెళ్ళేవారు ఎందరో ఉన్నారు, వారికి ఇదంతా గుర్తుచేసే ఏర్పాటు ఇంకా బాగుండాలి.

ఒక్క చోటికే వీలుంటే కూడలసంగమం వెళ్ళండి. చరిత్రలో ఆసక్తి ఎక్కువై, ఓపికగా వీధులు తిరగగలిగితే కల్యాణం. జనవరి 12 నుంచి 14 వరకు కూడలసంగమంలో శరణమేళా జరుగుతుంది, బసవ జయంతికి రెండు చోట్లా రద్దీ. ఆ రోజుల్లో గది ముందే ఖాయం చేసుకోనివారు ఇల్కల్‌లోనో బాగల్‌కోట్‌లోనో దిగి, పొద్దున్నే బస్సు పట్టుకోవడం మేలు.